ఎక్స్‌పీరియన్స్ లేకుండా హోటల్ ట్రైనింగ్‌కు కవర్ లెటర్ రాసే పద్ధతి

ట్రైనింగ్ బ్యాచ్ బయల్దేరడానికి రెండు మూడు నెలల ముందు నుంచి నాకు ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, ములుగు వైపు నుంచి వచ్చి హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు రెజ్యూమే ఎలాగో పూర్తి చేస్తారు. కవర్ లెటర్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. "నాకు ఎక్స్‌పీరియన్సే లేదు, ఏం రాయాలి?" అని అడుగుతారు. క్లాసులో ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతూ వచ్చిన పద్ధతిని ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

మధ్యలో ఒకే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుంటాను. హన్మకొండలో రెండో సంవత్సరం చదువుతోంది. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ వైపు ఉన్న ఒక బిజినెస్ హోటల్‌లో ట్రైనింగ్ కావాలి. ఇంతవరకు హోటల్‌లో ఒక్క రోజు కూడా పని చేయలేదు.

## 1. రాయడానికి ముందు కాలేజీలో మూడు విషయాలు అడగండి

మొదటిది, మీరు హోటల్‌కు సొంతంగా అప్లై చేయవచ్చా, లేక ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ద్వారానే వెళ్లాలా అన్నది. కొన్ని కాలేజీలు అందరి పేర్లూ కలిపి పంపుతాయి. అలాంటి చోట మీరు విడిగా మెయిల్ పెడితే ఒకే హోటల్‌కు రెండు దారుల్లో మీ పేరు వెళ్తుంది.

రెండోది, తేదీలు. సర్క్యులర్‌లో 17 వారాలు అని ఉంటే చాలామంది లెటర్‌లో "నాలుగు నెలలు" అని రాసేస్తారు. రెండూ ఒకటి కాదు. జూన్ 1న మొదలుపెడితే 17 వారాలు సెప్టెంబర్ 27తో పూర్తవుతాయి. హోటల్ వాళ్లు ట్రైనీని డ్యూటీ చార్ట్‌లో వేసుకోవాలి కాబట్టి వాళ్లకు కావాల్సింది మొదటి రోజు, చివరి రోజు. ఆ రెండు తేదీలూ లెక్కపెట్టి రాసుకోండి.

మూడోది, నాలుగు ప్రధాన డిపార్ట్‌మెంట్లలోనూ తిరగాలా, లేక ఒక్కదాంట్లో చేస్తే సరిపోతుందా అన్నది. ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, ఫుడ్ ప్రొడక్షన్, ఎఫ్ అండ్ బీ సర్వీస్ అన్నింటిలోనూ ఇన్నేసి వారాలు ఉండాలని కాలేజీ చెబితే ఆ మాట లెటర్‌లో రావాలి.

## 2. ఒక డిపార్ట్‌మెంట్‌ను ముందు పెట్టండి

"ఏ డిపార్ట్‌మెంట్ ఇచ్చినా చేస్తాను" అని రాస్తే వినయంగా ఉంటుందని పిల్లలు అనుకుంటారు. చదివే మనిషికి మాత్రం ఈ అభ్యర్థిని ఎవరి దగ్గరికి పంపాలో అర్థం కాదు. హెచ్‌ఆర్ వాళ్లు లెటర్ చూసి ఆ విభాగం మేనేజర్‌ను "నీకు ట్రైనీ కావాలా?" అని అడగగలగాలి. అందుకు మీరు ఒక పేరు చెప్పాలి.

అన్ని విభాగాల్లోనూ తిరగాల్సిన ట్రైనింగ్ అయితే ఇలా చెప్పవచ్చు: "మా కాలేజీ నిబంధన ప్రకారం నాలుగు విభాగాల్లోనూ పని నేర్చుకోవాలి. వీలైతే ఎఫ్ అండ్ బీ సర్వీస్‌తో మొదలుపెట్టాలని కోరుకుంటున్నాను."

ఏది ఎంచుకోవాలో తేలకపోతే దాన్ని కాసేపు పక్కన పెట్టి కింద చెప్పిన పని చేయండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

## 3. మీరు చేసిన పనిని బయటికి తీయండి

లెటర్ మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఒక సాయంత్రమంతా పట్టినా పట్టనీయండి.

మన దగ్గర దాదాపు ప్రతి ఇంట్లో పిల్లలు పెండ్లిళ్లలో వడ్డిస్తారు. సంక్రాంతికి ఇంట్లో సకినాలు చేస్తుంటే పెద్దవాళ్ల పక్కన కూర్చుంటారు. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరలో కొందరు వాలంటీర్లుగా నిలబడి కొత్తవాళ్లకు దారి చూపిస్తారు. హోటల్ బోర్డు లేని చోట చేసిన పని కాబట్టి దాన్ని పనిగా లెక్క వేయరు. నా ముందు కూర్చున్న అమ్మాయితో మాట ఇలా నడిచింది:

"పెండ్లిళ్లల్ల ఎన్నడన్న వడ్డించినవా అమ్మా?"

"మస్తుసార్లు సార్. మా చిన్నాయన క్యాటరింగ్ చేస్తడు. సెలవులల్ల నేను పోత."

"మరి రెజ్యూమేల రాయలేదేంది?"

"అది ఇంటి పని కద సార్."

ఇంటి పనే కావచ్చు. కానీ అక్కడ గెస్టులు ఉన్నారు, వేడి అన్నం ఉంది, ఆగకుండా కదలాల్సిన లైన్ ఉంది. ఆమెను ఒక్క రోజును గుర్తు చేసుకోమన్నాను. మొత్తం సీజన్ వద్దు, ఒకే ఒక్క ఫంక్షన్ చాలు. ఆ రోజు గురించి ఈ ప్రశ్నలు అడిగాను.

- ఎంతమంది వచ్చారు? మీరు ఎక్కడ నిలబడ్డారు?
- మీ చేతికి అప్పజెప్పిన పని ఏమిటి?
- ఇబ్బంది ఎక్కడ వచ్చింది?
- అప్పుడు మీరు ఏం చేశారు? తర్వాత ఏమైంది?

ఆమె చెప్పింది ఇది. సుమారు నాలుగు వందల మందికి బఫే. తను బగారా అన్నం కౌంటర్ దగ్గర ఉంది. మొదట్లో చేఫింగ్ డిష్ పూర్తిగా ఖాళీ అయ్యాక వెనక్కి కబురు పంపేది. గంజులోంచి అన్నం తెచ్చేదాకా గెస్టులు ప్లేట్లు పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. రెండుసార్లు అలా అయ్యాక, డిష్‌లో మూడో వంతు మిగిలి ఉండగానే కబురు పంపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత లైన్ ఆగలేదు. ఒక పెద్దాయన కర్ర పట్టుకుని లైన్‌లో నిలబడితే కుర్చీలో కూర్చోబెట్టి, షుగర్ ఉందా అని అడిగి, స్వీట్ లేకుండా ప్లేట్ పెట్టి తెచ్చి ఇచ్చింది.

ఎఫ్ అండ్ బీ మేనేజర్ కొత్త ట్రైనీలో చూడాలనుకునేవి ఇవే: బఫేను ఖాళీ కానివ్వకుండా చూసే కన్ను, అడగకముందే గెస్ట్ అవసరాన్ని గమనించే అలవాటు. ట్రే ఎలా పట్టాలో, కవర్ ఎలా వేయాలో వాళ్లు రెండు వారాల్లో నేర్పుకుంటారు.

ఇదే విషయాన్ని ఆమె మొదట రాసుకొచ్చిన వాక్యం చూడండి:

"నేను కష్టపడే మనస్తత్వం గలదాన్ని, టీమ్ వర్క్ తెలుసు, మంచి కమ్యూనికేషన్ స్కిల్స్ ఉన్నాయి."

ఈ వాక్యం ఎవరి లెటర్‌లో పెట్టినా అతుకుతుంది. అందుకే చదివేవాళ్ల కన్ను దాని మీద ఆగదు. బగారా అన్నం సంగతి మాత్రం ఆమె ఒక్కతే రాయగలదు.

మిగతా విభాగాలకూ ఇదే పద్ధతి. కిచెన్ కావాలనుకునే అబ్బాయి సకినాలు కాల్చేటప్పుడు నూనె వేడి ఎలా చూసుకున్నాడో, ఒక వాయి మాడితే తర్వాతి వాయికి ఏం మార్చాడో రాయవచ్చు. ఫ్రంట్ ఆఫీస్ కావాలనుకునేవారు జాతరలో తప్పిపోయిన వాళ్లతో హిందీలో, తెలుగులో మాట్లాడి ఎలా సాయపడ్డారో చెప్పవచ్చు. నిజంగా అలాంటివేవీ చేయకపోతే కాలేజీ ట్రైనింగ్ రెస్టారెంట్‌లో చేసిన ఒక ప్రాక్టికల్ తీసుకోండి. అక్కడ కూడా ఒక రోజు, ఒక ఇబ్బంది, ఒక పరిష్కారం.

పెంచి మాత్రం రాయకండి. నాలుగు వందలను రెండు వేలు చేస్తే, చిన్నాయన క్యాటరింగ్‌ను "స్టార్ హోటల్ బాంక్వెట్" చేస్తే ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే తెలిసిపోతుంది. "కౌంటర్లు ఎన్ని పెట్టారు? నీ కౌంటర్‌కు ఎవరు రీఫిల్ చేశారు?" అని అడుగుతారు. నిజంగా నిలబడిన మనిషి తడుముకోదు.

## 4. హోటల్ గురించి ఒక్క విషయం పట్టుకోండి

"మీది ఎంతో పేరున్న హోటల్" అన్న వాక్యం తీసేయండి. బదులుగా హోటల్ వెబ్‌సైట్ తెరిచి అరగంట చూడండి. ఎన్ని రెస్టారెంట్లు ఉన్నాయి, బాంక్వెట్ హాల్ ఉందా, వచ్చేవాళ్లు ఆఫీసు పనుల మీద వస్తారా, కుటుంబాలతో వస్తారా అన్నది గమనించండి. గెస్టులు రాసిన రివ్యూలు కూడా చదవండి. బ్రేక్‌ఫాస్ట్ గురించి ఎక్కువమంది మాట్లాడుతున్నారంటే అక్కడ రద్దీ ఆ పూటకే ఉంటుందని అర్థం.

ఇప్పుడు ఆ విషయాన్ని మీ అనుభవానికి కలపండి. మన అమ్మాయికి ఇది తేలికగా కుదిరింది. బిజినెస్ హోటల్‌లో పొద్దున గెస్టులంతా ఆఫీసులకు వెళ్లే తొందరలో ఒకేసారి దిగుతారు. ఆమె పని చేసింది బఫే మీద. కాబట్టి బ్రేక్‌ఫాస్ట్ బఫేలో నేర్చుకోవాలని అడగడానికి కారణం దానంతట అదే వచ్చింది.

మన ప్రాంతంలోనే చేయాలనుకునేవారు కూడా ఇలాగే ఆలోచించవచ్చు. పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుడి చూడటానికి వచ్చి వరంగల్, హన్మకొండల్లో బస చేసేవాళ్లు రిసెప్షన్‌లో దారి, దూరం, కారు గురించి అడుగుతారు. ఆ దారులు మీకు తెలిసినవే అయితే ఫ్రంట్ ఆఫీస్‌కు రాసే లెటర్‌లో అది పనికొచ్చే మాట.

## 5. లెటర్‌ను నాలుగు పేరాల్లో కట్టండి

హోటల్‌కు పంపే లెటర్ ఇంగ్లీషులోనే ఉండాలి. కానీ నమూనాను నేను కావాలనే తెలుగులో ఇస్తున్నాను. ఇంగ్లీషులో ఇస్తే ఉన్నదున్నట్టు దించేస్తారు. ఒకే క్లాసు నుంచి ఇరవై మంది ఒకే హోటల్‌కు ఒకే లెటర్ పంపితే ఇరవైకీ విలువ పోతుంది. ముందు తెలుగులో మీ సంగతి రాసుకుని తర్వాత ఇంగ్లీషు చేస్తే మీ మాటే మిగులుతుంది.

మొదటి పేరా (ఎవరు, ఏం కావాలి, ఎప్పుడు):

"ట్రైనింగ్ మేనేజర్ గారికి, నేను హన్మకొండలో హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 27 వరకు, 17 వారాలు, మీ హోటల్‌లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు దరఖాస్తు చేస్తున్నాను. ఎఫ్ అండ్ బీ సర్వీస్‌లో అవకాశం కోరుతున్నాను."

రెండో పేరా (చేసిన పని):

"హోటల్‌లో ఇంకా పని చేయలేదు. రెండేళ్లుగా సెలవుల్లో మా కుటుంబ క్యాటరింగ్‌లో వడ్డన చూసుకుంటున్నాను. సుమారు 400 మంది వచ్చిన ఒక వివాహ విందులో నేను రైస్ కౌంటర్ దగ్గర ఉన్నాను. డిష్ ఖాళీ అయ్యాక రీఫిల్ అడగడం వల్ల లైన్ రెండుసార్లు ఆగింది. ఆ తర్వాత మూడో వంతు మిగిలి ఉండగానే వంట దగ్గరికి కబురు పంపాను. విందు ముగిసేదాకా లైన్ మళ్లీ ఆగలేదు. ఆలా కార్ట్ సర్వీస్ మాత్రం కాలేజీ ట్రైనింగ్ రెస్టారెంట్‌లోనే చేశాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడటం ఇంకా నేర్చుకోవాలి."

చివరి రెండు వాక్యాలను పిల్లలు తీసేయబోతారు. ఉంచండి. రానిది రాదని ఒప్పుకుంటే, వచ్చని మీరు చెప్పినదాన్ని కూడా నమ్ముతారు. అయితే రానివన్నీ జాబితా వేయకండి. ఒకటి రెండు చాలు.

మూడో పేరా (ఈ హోటలే ఎందుకు):

"మీ హోటల్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది ఆఫీసు పనుల మీద వచ్చేవారని, బ్రేక్‌ఫాస్ట్ బఫే గురించి గెస్టులు ప్రత్యేకంగా రాశారని గమనించాను. తక్కువ సమయంలో ఎక్కువమందికి సర్వీస్ ఆగకుండా ఎలా నడుపుతారో అక్కడ నేర్చుకోవాలనుకుంటున్నాను."

నాలుగో పేరా (వాళ్లకు అవసరమైన వివరాలు):

"తెలుగు, హిందీ బాగా మాట్లాడతాను. ఇంగ్లీషులో గెస్టుల ప్రశ్నలకు జవాబు చెప్పగలను. ఉదయం, సాయంత్రం షిఫ్టులు రెండూ చేయగలను. హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో వసతి ఉంది. రెజ్యూమే, కాలేజీ ఇచ్చిన పరిచయ లేఖ జతచేశాను. ఇంటర్వ్యూకు మీరు చెప్పిన రోజు రాగలను."

వసతి వాక్యాన్ని చిన్నచూపు చూడకండి. బయటి ఊరి ట్రైనీ అనగానే "పొద్దున ఆరింటి షిఫ్టుకు ఈ అమ్మాయి ఎక్కడి నుంచి వస్తుంది?" అన్న అనుమానం వస్తుంది. కాజీపేట నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్తానంటే ఒప్పుకోరు, మీ శరీరమూ ఒప్పుకోదు. వసతి ఇంకా కుదరకపోతే "ట్రైనింగ్ మొదలయ్యేలోపు దగ్గర్లో హాస్టల్‌లో చేరతాను" అని రాయండి, రాసినట్టే చేయండి.

స్టైపెండ్ గురించి లెటర్‌లో అడగవద్దు. అవకాశం ఇస్తామన్నాక స్టైపెండ్, డ్యూటీ భోజనం, యూనిఫామ్, వారపు సెలవు గురించి నేరుగా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. చేరే ముందు తెలియాల్సిన విషయాలే.

## 6. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు

ఒక వాక్యంలో ఒక్క పనే ఉంచండి. మొత్తం ఒక పేజీలో సగానికి కాస్త ఎక్కువ వస్తే చాలు. మన దగ్గర మళ్లీ మళ్లీ కనిపించే పొరపాట్లు ఇవి.

- "ఐ యామ్ హ్యావింగ్ ఎక్స్‌పీరియన్స్" కాదు, "ఐ హ్యావ్" అనాలి. ఇక్కడైతే "ఐ సర్వ్డ్", "ఐ మేనేజ్డ్" అని చేసిన పనినే చెప్పడం ఇంకా మేలు.
- "మ్యారేజ్ ఫంక్షన్" బదులు "వెడ్డింగ్ రిసెప్షన్" అనండి. హోటల్లో వాడే మాట అదే.
- "ఐ బెగ్ టు స్టేట్", "డూ ద నీడ్‌ఫుల్" అన్నవి సెలవు చీటీ రోజుల నుంచి వెంట వచ్చినవి. తీసేయండి.
- బగారా అన్నం, గంజు లాంటి మాటలు "రైస్ కౌంటర్", "రీఫిల్" అయిపోవాలి. చదివే మేనేజర్ ఏ రాష్ట్రం వారో మనకు తెలియదు.

పూర్తయ్యాక పైకి చదవండి. నోరు తిరగని మాట ఉంటే మార్చేయండి. ఇంటర్వ్యూలో అదే మాట మీ నోటి నుంచి రావాలి కదా.

## 7. పంపే ముందు

నిరుడు ఒక అబ్బాయి మంచి లెటర్ రాశాడు. ఐదు హోటళ్లకు పంపాడు. నాలుగింటికి మూడో పేరాలో మొదటి హోటల్ పేరే ఉండిపోయింది. పేరు పైన మార్చి లోపల మరిచిపోయాడు. ఆ నాలుగింటిలో ఒక్కచోటి నుంచీ జవాబు రాలేదు. అందుకే ప్రతి కాపీలో హోటల్ పేరును సెర్చ్ పెట్టి చూడండి.

- హోటల్ పేరు ప్రతి చోటా సరిగ్గా ఉందా?
- తేదీలు సర్క్యులర్‌తో సరిపోతున్నాయా?
- లెటర్‌లోని ఫోన్ నంబర్‌కు స్నేహితుడితో ఫోన్ చేయించి చూశారా?
- లెటర్, రెజ్యూమే రెండింట్లోనూ క్యాటరింగ్ విషయం ఒకేలా ఉందా?
- మెయిల్ ఐడీలో మీ పేరే ఉందా?
- ఫోటో అడిగితే సెల్ఫీ కాకుండా, తల చక్కగా దువ్వుకుని ఫార్మల్స్‌లో తీసుకున్నది పెట్టారా?

సబ్జెక్ట్ లైన్ చూడగానే విషయం తెలియాలి. ఫైల్ పేరులో మీ పేరు ఉండాలి. ఈ నమూనాలో YourName ఉన్న చోట మీ పేరు పెట్టుకోండి.

```
Subject: Industrial Training, F&B Service, 1 June to 27 Sept
File 1:  YourName_CoverLetter.pdf
File 2:  YourName_Resume.pdf
```

లెటర్‌ను మెయిల్ బాడీలోనే పెట్టి, పీడీఎఫ్‌ను కూడా జతచేయండి. కొందరు ఫోన్‌లో చూస్తారు, ఫైల్ తెరవరు. ఒకే మెయిల్‌లో పది హోటళ్ల అడ్రస్‌లు వేసి పంపవద్దు. ఒక్కో హోటల్‌కు ఒక్కో మెయిల్ వెళ్లాలి.

## 8. జవాబు రాకపోతే

వారం పది రోజులు ఆగండి. తర్వాత అదే మెయిల్‌కు రిప్లైగా రెండు వాక్యాలు పంపండి: ఫలానా తేదీన దరఖాస్తు పంపాను, ఇంకేమైనా వివరాలు కావాలా అని.

ఫోన్ చేయాలంటే మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య చేయండి. లంచ్ సర్వీస్ నడిచే వేళ ఫోన్ చేస్తే ఆ పని తెలియని మనిషి అని అప్పుడే తేలిపోతుంది. ఆపరేటర్ ఎత్తగానే పేరు, కాలేజీ చెప్పి, హెచ్‌ఆర్‌లో ట్రైనింగ్ చూసేవారికి కలపమని అడగండి. లెటర్ కాపీ, పెన్ను ముందు పెట్టుకోండి. టెన్షన్‌లో మొదటి వాక్యం మరిచిపోయేవాళ్లు లెటర్ మొదటి పేరానే చూసి చదవవచ్చు. అందులో ఎవరు, ఏం కావాలి, ఎప్పుడు అన్న మూడూ ఉన్నాయి.

ఖాళీ లేదని చెబితే, ఎవరైనా ట్రైనీ రాకపోతే పిలవమని చెప్పి నంబర్ ఇవ్వండి. మాట్లాడినవారి పేరు, తేదీ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి హోటల్‌కు లెటర్ మొదలుపెట్టేటప్పుడు రెండో పేరా అలాగే ఉంచి, మూడో పేరాను మాత్రం మళ్లీ కొత్తగా రాయండి.